దసరా ముందు ఫీజు మొత్తం కట్టలేకపోతే, స్కూల్లో వాయిదాలు ఎలా అడగాలి?

"మాది విజయవాడ, పటమట. మావారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో సూపర్‌వైజర్, జీతం 42 వేలు. ఆగస్టు నుంచి ఆర్డర్లు లేవని రోజుకూలి లెక్కన ఇస్తున్నారు, నెలకు 20 వేలు దాటడం లేదు. నేను ఇంట్లో బ్లౌజులు కుట్టి ఓ 7 వేలు తెస్తాను. బాబు 8వ క్లాసు, పాప 4వ క్లాసు, ఇద్దరూ ఒకే ప్రైవేటు స్కూలు. బస్సుతో కలిపి ఏడాదికి 1,12,000. అందులో బాబుకి ఫౌండేషన్ కోర్సు 6,000. జూన్‌లో 40,000 కట్టాం. సెకండ్ టర్మ్ 36,000 సెప్టెంబరు 20 లోపు కట్టాలని మెసేజ్ వచ్చింది. చేతిలో 15 వేలే ఉన్నాయి, జనవరిలో 20 వేల చీటీ అందుతుంది. వాయిదాల్లో కడతామని ఎవరిని, ఎలా అడగాలి? అడిగితే పిల్లల్ని క్లాసులో ఏమైనా అంటారేమోనని టెన్షన్."

అమ్మా, నేను విజయవాడలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఫీజు కౌంటర్‌లో క్యాషియర్‌గా చేరి, తర్వాత ఏవోగా, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్‌గా చేసి, మొత్తం 16 ఏళ్లు ఆ కిటికీకి లోపలి వైపు కూర్చున్నాను. మీరు రాయబోయే లెటర్ లాంటివి చాలా తీసుకున్నాను. కొన్నిటికి ఐదు నిమిషాల్లో సంతకం అయ్యేది, కొన్ని డ్రాయర్‌లోనే ఉండిపోయేవి. తేడా ఎక్కడ వచ్చేదో చెప్తాను.

అన్నిటికన్నా ముందు తేదీ సంగతి. మీరు 20 దాకా ఆగకండి, ఈ వారమే వెళ్లండి. గడువు దాటిన మర్నాడు స్కూల్ సాఫ్ట్‌వేర్ నుంచి డ్యూ లిస్ట్ తీస్తారు. క్లాసుల వారీగా ప్రింట్ అయి, అటెండర్ చేతిలో క్లాస్ టీచర్లకు వెళ్తుంది. పిల్లల్ని లేపి నిలబెట్టడం, డైరీలో రాయడం, "మీ నాన్నగారిని రమ్మను" అనడం, ఇవన్నీ ఆ కాగితం క్లాసులోకి వెళ్లాక జరిగేవి. టీచరుకు మీ ఇంటి పరిస్థితి తెలియదు. ఆమెకు కనిపించేది పేరు, పక్కన అంకె, అంతే. కాబట్టి మీ పిల్లల పేర్లు ఆ లిస్టులోకి ఎక్కకుండా చూసుకోవాలి. అది 20కి ముందు సులువు. 21న చాలా కష్టం.

ఒకసారి ఏం జరిగిందంటే, ఆరో క్లాసు పాప ఒకతె ఇంటర్వెల్‌లో మా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడింది. వాటర్ బాటిల్ మూత తిప్పుతూ, విప్పుతూ ఉంది. డైరీ తెరిచి చూపించింది. ఎర్ర పెన్నుతో 'ఫీ డ్యూ' అని రాసుంది. "మా నాన్న ప్రిన్సిపాల్ సార్‌తో మాట్లాడారండీ" అంది. నేను కంప్యూటర్‌లో చూస్తే ఏమీ లేదు. సాయంత్రం ప్రిన్సిపాల్ గారిని అడిగితే, అవునండీ, వారం క్రితం గేటు దగ్గర కలిశాడు, సరే చూద్దాం అన్నాను అన్నారు. ఆ తండ్రి మాట తీసుకుని నిశ్చింతగా ఇంటికెళ్లాడు. ఆ మాట గేటు దాటి మా గదికి రాలేదు. మధ్యలో నలిగింది ఆ పాప. ఆ రోజు నుంచి నోటి మాట మీద వాయిదాలు వద్దని, కాగితం ఇవ్వమని ప్రతి పేరెంట్‌కూ నేనే చెప్పేదాన్ని.

ఇప్పుడు స్కూలు వైపు నుంచి చూడండి. స్కూలుకు జూన్, జూలైల్లో డబ్బు బాగా వస్తుంది. దసరా దాటాక తగ్గిపోతుంది. జీతాలు మాత్రం ప్రతి నెలా మొదటి పది రోజుల్లో ఇవ్వాల్సిందే, బిల్డింగ్ అద్దె, బస్సుల డీజిల్ ఆగవు. అందుకని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రతి నెలా కొంచెమైనా కచ్చితంగా వచ్చే డబ్బు అంటే వాళ్లకు విలువ ఎక్కువ. "సంక్రాంతికి మొత్తం ఒకేసారి కట్టేస్తాం" అనే పేరెంట్ కన్నా "ప్రతి నెలా పదో తారీఖున 5 వేలు" అనే పేరెంట్‌ని మా ఆఫీసు ఎక్కువ నమ్మేది. స్కూలుకు ఇంకో భయం ఉంది. ఏడాది పరీక్షలు అయిపోయాక డబ్బు రాదని. ఏప్రిల్‌లో పిల్లల్ని మాన్పించి వెళ్లిపోయినవాళ్ల బాకీలు చాలావరకు అలాగే పోతాయి. అందుకే చివరి వాయిదా ఫిబ్రవరిలో ఉంటే ఒప్పుకుంటారు, ఏప్రిల్‌లో పెడితే తల అడ్డంగా ఊపుతారు.

మీ లెక్క నేను వేసి చూశాను. మిగిలింది 72,000. దీన్ని ఉన్నదున్నట్టు వాయిదాలు చేస్తే మీకు కుదరదు. అందుకే ముందు ఆ 72,000లో తగ్గేవి చూద్దాం. బస్సు ఒకటి. మీరు విడిగా రాయలేదు కాబట్టి, ఒక్కొక్కరికి ఏడాదికి 8,000 అనీ, జూన్‌లో కట్టినదాంట్లో 3,000 చొప్పున బస్సుకి పోయిందనీ అనుకుందాం. మీ రశీదుల్లో అసలు అంకె ఉంటుంది, దాన్ని బట్టి మార్చుకోండి. అక్టోబరు నుంచి బస్సు ఆపేస్తే ఇద్దరికీ కలిపి 10,000 తగ్గుతుంది. స్కూలు మరీ దూరం కాకపోతే మీవారు షెడ్డుకి వెళ్తూ బండి మీద దింపవచ్చు, నెలకు ఓ 500 పెట్రోలు అదనం. కాకపోతే బస్సు మానేస్తున్నామని టర్మ్ మొదలయ్యేలోపే రాసి ఇవ్వాలి. దసరా సెలవుల తర్వాత చెబితే చాలా స్కూళ్లలో ఆ టర్మ్ బస్సు ఫీజు మొత్తం కట్టమంటారు.

రెండోది ఫౌండేషన్ కోర్సు. అది చదువు ఫీజు కాదు, అదనంగా తీసుకున్నది. 8వ క్లాసు పిల్లాడికి ఈ ఏడాది అది లేకపోయినా స్కూలు సిలబస్‌కు ఏ లోటూ రాదని నా అభిప్రాయం. అది తీసేస్తే 6,000 తగ్గుతుంది. జూన్ నుంచి క్లాసులు జరిగాయి కదా, ఓ 2,000 అయినా కట్టండి అంటారేమో. అంటే కట్టండి, దాని మీద గొడవ పడొద్దు. ప్రస్తుతానికి మొత్తం తీసేస్తారనే లెక్కన వెళ్దాం.

ఇప్పుడు మిగిలింది 56,000. మీ ఇద్దరి రాబడి 27,000. అద్దె 8,000, బియ్యం, పప్పులు, పాలు, గ్యాస్ అన్నీ కలిపి 9,000, కరెంటు, ఫోన్లు, పెట్రోలు 3,000, మందులూ మాకులూ 1,500 వేసుకుంటే 21,500 అవుతుంది. మిగిలేది 5,500. ఇందులో అంకెలు నేను ఊహించినవి, మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మిగిలిందంతా స్కూలుకి రాసివ్వకండి. 5,500 మిగిలితే 5,000 అని రాయండి. ఒక్క నెల జ్వరం వచ్చినా వాయిదా తప్పకూడదు.

అలాగైతే చేతిలో ఉన్న 15,000 సెప్టెంబరులో కట్టేయండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో 5,000 చొప్పున. జనవరిలో మామూలు 5,000తో పాటు చీటీ డబ్బులోంచి 16,000, మొత్తం 21,000. ఫిబ్రవరిలో చివరి 5,000. కూడితే సరిగ్గా 56,000. చీటీలో 4,000 మీ దగ్గర మిగులుతుంది. ఫౌండేషన్ కోసం 2,000 అడిగినా, ఇంకేదైనా వచ్చినా అది ఆదుకుంటుంది. దసరా, క్రిస్మస్, సంక్రాంతికి బ్లౌజులు ఎక్కువ వస్తాయి కదా, ఆ అదనపు డబ్బును ప్లాన్‌లో వేసుకోకండి, చేతిలో ఉంచుకోండి.

తేదీలు కూడా ఊరికే పెట్టకండి. ఒకటో తారీఖున అద్దె, ఐదున పాలవాడి బిల్లు ఉంటాయి. పదో తారీఖు మీకు ఊపిరి పీల్చుకునే రోజు, వాళ్లకీ జీతాల రోజులకు దగ్గరే. జనవరిలో మాత్రం 20 పెట్టండి. పండగ దాటితే గానీ చీటీ డబ్బు చేతికి రాదు. చీటీ పెద్దమ్మ వారం ఆలస్యం చేసినా మీ మాట పోకూడదు.

ఎవరికి ఇవ్వాలి అంటే, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికీ, క్లాస్ టీచర్‌కీ ఏ అధికారమూ ఉండదు. వాళ్లకు కథంతా చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులను చూశాను, ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది. ఒక్క బిల్డింగ్‌లో నడిచే స్కూలు అయితే కరస్పాండెంట్ గారు చెప్పిందే మాట. పది బ్రాంచిలున్న స్కూలు అయితే ప్రిన్సిపాల్‌కో ఏవోకో కొన్ని రోజుల గడువు పొడిగించే అధికారమే ఉంటుంది, నెలల వాయిదాలకు పైఆఫీసు ఒప్పుకోవాలి. అందుకే లోపలికి వెళ్లగానే "వాయిదాలకు సంతకం పెట్టేది ఎవరండీ, వారికి లెటర్ ఇవ్వాలి" అని సూటిగా అడగండి. పైకి పంపాలి అంటే, పంపిన రోజు నుంచి జవాబు వచ్చేదాకా పిల్లల పేర్లు లిస్టులో రాకుండా చూడమని అప్పుడే అడగండి.

పొద్దున పిల్లల్ని దింపేటప్పుడు, పేరెంట్స్ మీటింగ్ రోజున వద్దు. అందరూ నిలబడి ఉంటారు, మీ మాట వినే తీరిక ఎవరికీ ఉండదు. మామూలు రోజు పదకొండు, పన్నెండు మధ్య బాగుంటుంది. వీలైతే మీవారితో కలిసి వెళ్లండి. ఇద్దరూ వచ్చి కూర్చుంటే, ఇంట్లో ఇద్దరూ కలిసి ఆలోచించి తెచ్చిన లెక్క అని వాళ్లకు అర్థమవుతుంది.

లెటర్ ఒక్క పేజీ దాటకూడదు. కష్టాలు రెండు వాక్యాల్లో, మిగిలినదంతా లెక్క. మీ లెటర్ ఇలా ఉండొచ్చు:

ప్రిన్సిపాల్ గారికి,
నమస్కారం. మా బాబు 8వ తరగతి, అడ్మిషన్ నంబరు ….. మా పాప 4వ తరగతి, అడ్మిషన్ నంబరు ….. ఇద్దరికీ మొదటి టర్మ్ ఫీజు 40,000 రూపాయలు జూన్‌లో పూర్తిగా కట్టాం.
మావారు పనిచేసే చోట ఆగస్టు నుంచి పని తగ్గి, నెల జీతం 42,000 నుంచి సుమారు 20,000కు పడిపోయింది. అందువల్ల సెకండ్, థర్డ్ టర్మ్ ఫీజులు ఒకేసారి కట్టలేకపోతున్నాం.
అక్టోబరు 1 నుంచి ఇద్దరికీ బస్సు వద్దు. బాబుకి ఫౌండేషన్ కోర్సు కూడా ఆపగలరు. ఇవి పోను మిగిలిన 56,000 రూపాయలు ఈ తేదీల్లో కడతాం:
సెప్టెంబరు 18న 15,000
అక్టోబరు 10న 5,000
నవంబరు 10న 5,000
డిసెంబరు 10న 5,000
జనవరి 20న 21,000
ఫిబ్రవరి 10న 5,000
ఈ తేదీల ప్రకారం కడుతున్నంత కాలం ఆలస్య రుసుము వేయవద్దని, ఫీజు విషయం పిల్లలతో కాకుండా మాతోనే మాట్లాడమని కోరుతున్నాం. మా ఫోన్ నంబర్లు: …..
ఇట్లు, తల్లి సంతకం, తండ్రి సంతకం, తేదీ.

దీనికి ఒక్క ఆధారం జతచేయండి చాలు. జూలై జీతం పడిన ఎంట్రీ, ఆగస్టులో తగ్గిన ఎంట్రీ కనిపించే బ్యాంకు పాస్‌బుక్ పేజీ జిరాక్సో, షెడ్డు ఓనరు చేత రెండు లైన్ల కాగితమో. ఆధార్ కార్డులు, ఇంటి కాగితాలు, బంగారం రశీదులు ఎవరూ అడగరు, మీరుగా ఇవ్వకండి.

"ఫీజు తగ్గించండి" అనే మాట ఈ లెటర్‌లో కలపలేదు, గమనించారా? కావాలనే. తగ్గింపు అడిగితే ఫైలు వేరే దారిలో వెళ్తుంది. మేనేజ్‌మెంట్ ఆలోచించాలి, మిగతావాళ్లకు తెలుస్తుందేమో అని జంకుతారు, నెల గడిచిపోతుంది. వాయిదాలు అయితే స్కూలుకు పైసా నష్టం లేదు, అక్కడికక్కడే తేల్చగలరు. కన్సెషన్ అవసరమైతే వచ్చే ఏడాది అడ్మిషన్ రెన్యువల్ సమయంలో, మార్చిలో అడగండి. అప్పటికి ఆరు వాయిదాలూ కట్టిన రశీదులు మీ చేతిలో ఉంటాయి.

లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద 'అందింది' అని తేదీ, సంతకం, స్కూలు స్టాంపు. స్టాంపు వేయడానికి వెనకాడితే పట్టుబట్టకండి. బయటికి రాగానే లెటర్ ఫోటో తీసి స్కూలు ఈమెయిల్‌కో, స్కూలు అఫీషియల్ వాట్సాప్ నంబరుకో "ఈ రోజు మిమ్మల్ని కలిసి ఇచ్చిన లెటర్" అని పంపండి. అదీ సాక్ష్యమే.

ఆ తర్వాత చేయాల్సిన పని చాలామందికి తెలియదు. ఒప్పుకున్నాక కౌంటర్ దగ్గరికి వెళ్లి "కొత్త తేదీలు సిస్టమ్‌లో మార్చారా?" అని అడగండి. లెటర్ మీద సంతకం అయినా, కంప్యూటర్‌లో గడువు 20 అనే ఉంటే 21న మెసేజ్ వస్తుంది, లిస్టులో పేరు వస్తుంది, ఫైన్ కూడా రోజుకింత అని పెరుగుతూ పోతుంది. అందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు, సాఫ్ట్‌వేర్ పని అది చేసుకుపోతుంది. ఫీ యాప్ ఉంటే దాంట్లో మీరే తెరిచి చూసుకోండి, గడువు తేదీ మారిందో లేదో తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఇద్దరు పిల్లలున్న ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. మీరు 5,000 ఇస్తే క్యాషియర్ మొత్తం బాబు పేరు మీద వేసేస్తాడు, ఎందుకంటే స్క్రీన్ మీద ముందు ఆ నంబరు తెరిచాడు. పాప ఖాతాలో ఆ నెల సున్నా. వారం తర్వాత పాప డైరీలో 'ఫీ డ్యూ'. మీరేమో కట్టాం కదా అంటారు, వాళ్లు లేదు అంటారు, రెండూ నిజమే. అందుకే ప్రతిసారీ రెండు రశీదులు అడగండి. బాబుకి ఇంకా 29,000, పాపకి 27,000 ఉందనుకుంటే, సెప్టెంబరులో బాబుకి 8,000, పాపకి 7,000. తర్వాత మూడు నెలలూ చెరి 2,500. జనవరిలో 11,000, 10,000. ఫిబ్రవరిలో మళ్లీ చెరి 2,500. ఇద్దరివీ ఒకే రోజు సున్నాకి వస్తాయి.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. "వాయిదాలే కదా మేడమ్, మా దగ్గర ఈఎంఐ ఉంది, వడ్డీ లేదు, ఈ లింకు నొక్కండి" అంటారు కొన్ని స్కూళ్లలో. అది స్కూలు ఇచ్చే వాయిదా కాదమ్మా, ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. కంపెనీ స్కూలుకి మొత్తం ఫీజు ముందే కట్టేస్తుంది, మీరు ఆ కంపెనీకి బాకీ పడతారు. గుర్తుపట్టడం తేలిక. పాన్ నంబరు, ఆధార్ ఓటీపీ, సెల్ఫీ, బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే అనుమతి, ఇవి అడిగితే అది అప్పే. స్కూలు వాయిదాకి వీటిలో ఏదీ అక్కర్లేదు.

అప్పంటే చెడ్డదని కాదు. జీతం నెలనెలా ఒకే తేదీన పడేవాళ్లకు అది పనికొస్తుంది. మీకు అలా పడటం లేదు, అదీ సమస్య. కట్ అయ్యే రోజున ఖాతాలో డబ్బు లేకపోతే కంపెనీ ఒక ఛార్జీ, బ్యాంకు ఇంకో ఛార్జీ వేస్తాయి, మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. నడిమధ్యలో పిల్లల్ని స్కూలు మాన్పించాల్సి వచ్చినా ఈఎంఐ ఆగదు. స్కూల్ ఏవోతో అయితే "ఈ నెల వారం ఆగండి" అనవచ్చు, ఆ యాప్‌తో ఎవరు మాట్లాడతారు? "మాకు లోన్ వద్దండీ, నేరుగా స్కూలుకే కడతాం" అని ఒక్క మాట చెప్పండి, నొచ్చుకోవాల్సింది ఏమీ లేదు. తప్పనిసరై తీసుకుంటే మాత్రం, సంతకానికి ముందు 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అడగండి. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం అది ఇవ్వాలి. మొత్తం ఖర్చు, ప్రాసెసింగ్ ఫీజు, ఆలస్యమైతే ఎంత అన్నీ ఒక్కచోట ఉంటాయి.

పోస్ట్ డేటెడ్ చెక్కుల సంగతి కూడా అంతే. "ఆరు చెక్కులు ఇచ్చి వెళ్లండి" అంటారు. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు అవుతుంది. బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు ఇవ్వవచ్చు, నోటీసు అందాక కట్టడానికి మీకు 15 రోజులే ఉంటుంది. స్కూళ్లు ఫీజు కోసం అంతదూరం వెళ్లడం నేను పెద్దగా చూడలేదు, కానీ రాబడి ఊగిసలాడుతున్నప్పుడు ఆ కత్తి మెడ మీద ఎందుకు? "మా ఇద్దరి సంతకాలతో లెటర్ ఇస్తున్నాం, తేదీకి యూపీఐ చేస్తాం" అనండి. ఇవ్వక తప్పకపోతే ఒక్కటి మాత్రం, ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి. తేదీ, అంకె, స్కూలు పేరు రాసి, క్రాస్ చేసి, చెక్కు నంబర్లు లెటర్‌లో రాయించండి. వాయిదా నగదుగా కట్టిన రోజే ఆ చెక్కు వెనక్కి తెచ్చుకోండి.

"తల్లికి వందనం డబ్బు పడింది కదమ్మా?" అని కూడా అడుగుతారు. 2025 జూన్‌లో చాలామంది తల్లుల ఖాతాల్లో ఒక్కో బిడ్డకి 13,000 పడింది కాబట్టి ఆఫీసువాళ్లకు అది అలవాటైన ప్రశ్న. దానికి ఆదాయ పరిమితి ఉంది, 42 వేల జీతం ఉన్న ఇంటికి సాధారణంగా రాదు. మీకు రాకపోతే రాలేదని చెప్పండి. ఈ ఏడాది మీ రాబడి తగ్గిందని వచ్చే ఏడాది వస్తుందనే నమ్మకంతో మాత్రం ఏ వాయిదా రాయకండి.

పిల్లల్ని ఏమైనా అంటారేమో అన్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, నేను పైన చెప్పిన పాప నాకు ఇంకా గుర్తుంది. చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో చెప్తాను. విద్యాహక్కు చట్టం, 2009లో సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. సెక్షన్ 16 ప్రకారం 8వ తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని స్కూలు నుంచి తీసేయకూడదు. మీ పిల్లలిద్దరూ దాని పరిధిలోకే వస్తారు. కోవిడ్ ఏడాది ఫీజులపై రాజస్థాన్ స్కూళ్ల కేసులో సుప్రీంకోర్టు 2021 మే 3న తీర్పు ఇస్తూ, ఫీజు బాకీ ఉందని పిల్లల్ని క్లాసులకు రానీయకుండా చేయవద్దని, ఫలితాలు ఆపవద్దని, కట్టలేని తల్లిదండ్రులు విడిగా అర్జీ పెట్టుకుంటే సానుభూతితో చూడమని చెప్పింది. అది ఆ ఏడాది పరిస్థితులకు ఇచ్చిన తీర్పు. దాన్ని చూపించి ఈ రోజు వాయిదాలు హక్కుగా రాబట్టలేం. ఫీజు వసూలు చేసుకునే హక్కు స్కూలుకూ ఉంది.

అందుకే మొదటి లెటర్‌లో చట్టాల పేర్లు రాయకండి. లెక్కతో వచ్చిన పేరెంట్‌ని కూర్చోబెట్టి మాట్లాడతారు, సెక్షన్లతో వచ్చిన పేరెంట్‌ని లాయర్‌కి అప్పగిస్తారు. వాయిదాలు కడుతుండగానే పిల్లల్ని నిలబెట్టినా, పరీక్ష రాయనీయకపోయినా అప్పుడు వేరు. మీ స్టాంపు వేసిన కాపీ, రశీదులు పట్టుకుని ముందు ప్రిన్సిపాల్ దగ్గరికి, వినకపోతే ఎంఈవో గారికి, ఆపైన ఎన్టీఆర్ జిల్లా డీఈవో గారికి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఇవ్వవచ్చు. పిల్లల మీద వేధింపు అయితే 1098కి ఫోన్ చేయవచ్చు.

ఒక నెల వాయిదా తప్పేలా ఉంటే ఏం చేయాలి? మీవారికి డిసెంబరులో పని ఇంకా తగ్గిందనుకోండి. పదో తారీఖు దాటాక ఫోన్ ఎత్తకుండా ఉండటం అన్నిటికన్నా పెద్ద తప్పు. మా ఆఫీసులో పేరు పక్కన 'ఫోన్ ఎత్తడం లేదు' అని రాసుకున్న రోజునే ఆ కుటుంబం మీద నమ్మకం పోయేది. ఏడో తారీఖునే వెళ్లి, ఉన్న 2,000 కట్టి, చెరి 1,000 రశీదు తీసుకుని, మిగిలిన 3,000 ఏ రోజు కడతారో పాత లెటర్ కాపీ మీదే రాసి సంతకం పెట్టించుకోండి. ఒకసారి అలా మారిస్తే ఎవరూ ఏమీ అనరు. రెండోసారి మారుస్తుంటే మాత్రం మొత్తం ప్లానే కొత్తగా రాసి ఇవ్వండి, అంతేగాని నెలనెలా గడువు అడుగుతూ పోకండి.

బాబు 8వ క్లాసు, ఇంట్లో సంగతులు వాడికి అర్థమవుతాయి. బస్సు, ఫౌండేషన్ ఎందుకు ఆపుతున్నారో వాడికి మీరే చెప్పండి. క్లాసులో ఎవరైనా అడిగితే "మా అమ్మానాన్న ఆఫీసులో మాట్లాడారు" అనమనండి. ఆ కాపీ ఫోటో ఒకటి మీ ఫోన్‌లో ఎప్పుడూ ఉంచుకోండి.

చివరి వాయిదా ఫిబ్రవరి 10న కట్టగానే ఇద్దరివీ ఫీ లెడ్జర్ ప్రింట్ అడగండి. బాకీ దగ్గర సున్నా ఉందో లేదో, బస్సు, ఫౌండేషన్ తీసేశారో లేదో అక్కడే చూసుకోండి. ఈ రెండిట్లో ఒకటి సిస్టమ్‌లో అలాగే ఉండిపోయి, ఏప్రిల్‌లో ప్రోగ్రెస్ కార్డు తీసుకునే రోజున "ఇంకా 5,000 ఉందండీ" అనడం నేను చాలాసార్లు చూశాను. ఫిబ్రవరిలో అయితే లెటర్ చూపించి అయిదు నిమిషాల్లో సరిచేయించవచ్చు, అప్పటికి ఆ సంతకం పెట్టినవారు ఇంకా అదే కుర్చీలో ఉంటారు.